‘యాప్ బంద్ అవుతోంది’ అన్నవాళ్ళకి జవాబు: నాలుగు లైన్ల అప్‌డేట్ నోట్ వెనక పని

ఫోన్‌లో ఏ యాప్‌కి అప్‌డేట్ వచ్చినా కింద ఒక చిన్న పేరా ఉంటుంది. చాలాసార్లు అందులో ఉండేది ఒకటే మాట: బగ్స్ సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం. రాసినవాళ్ళకి అది పని అయిపోయిందనిపించే వాక్యం. చదివేవాళ్ళకి మాత్రం నిన్న తమ ఫోన్‌లో వచ్చిన సమస్య తీరిందో లేదో దాన్నిబట్టి తెలియదు. క్రాష్ ఒకటి సరిచేసి, రిమైండర్లు కొత్తగా పెట్టిన ఒక మామూలు అప్‌డేట్‌ని తీసుకుని, దాని నోట్ ఎలా తయారవ్వాలో చూస్తే ఆ నాలుగు లైన్ల వెనక ఎంత పని ఉందో అర్థమవుతుంది.

ఉదాహరణకి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సంఘాలు వాడే ఒక యాప్ అనుకుందాం. మియాపూర్ వైపు ఎనభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది, రసీదు చూసుకునేది, లిఫ్ట్ ఆగినా గోడ చెమ్మెక్కినా ఫిర్యాదు పెట్టేది ఈ యాప్‌లోనే. వాడేవాళ్ళలో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ళూ ఉన్నారు, రిటైరైన బ్యాంకు మేనేజరూ ఉన్నారు, ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఇంకేమీ తెరవని పెద్దావిడా ఉన్నారు. నోట్ రాయాల్సింది ఆ చివరి ఇద్దరి కోసం. మొదటివాళ్ళు ఎలా రాసినా అర్థం చేసుకుంటారు.

ఈ అప్‌డేట్ గురించి డెవలపర్ పంపిన జాబితా ఇలా ఉంది.

```
fix: OOM crash on attachment upload (downsample before decode)
feat: due-date reminders, default off
req: POST_NOTIFICATIONS (Android 13+)
fix: reschedule reminders after reboot
```

ఇందులో తప్పేమీ లేదు, సాటి డెవలపర్‌కి ఇంతకంటే బాగా చెప్పలేం. కానీ దీన్ని తెలుగులోకి మార్చినంత మాత్రాన నోట్ అయిపోదు. ఒక్కో లైన్ వెనక ఫోన్‌లో అసలేం జరిగిందో ముందు తెలుసుకోవాలి.

మొదటి లైన్‌లో ఉన్నది క్రాష్. ఫోన్ కెమెరాతో తీసిన ఒక ఫోటో గ్యాలరీలో మూడు నాలుగు ఎంబీలే కనిపిస్తుంది, ఎందుకంటే అది కుదించి దాచిన ఫైలు. దాన్ని తెరపై చూపించాలంటే ఫోన్ ఆ మడతంతా విప్పాలి. 12.5 మెగాపిక్సెల్ ఫోటో అంటే కోటీ ఇరవై ఐదు లక్షల చుక్కలు. చుక్కకి నాలుగు బైట్ల చొప్పున మెమరీలో అది దాదాపు 50 ఎంబీ అవుతుంది. గోడ చెమ్మని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి నాలుగూ ఒకేసారి జతచేస్తే 200 ఎంబీ. కొత్త ఫోన్ మోస్తుంది. ర్యామ్ తక్కువున్న పాత ఫోన్ మోయలేదు, యాప్ ఠక్కున మూసుకుపోతుంది. అదే యూపీఐ స్క్రీన్‌షాట్ అయితే విప్పినా పది ఎంబీ చిల్లరే, కాబట్టి అది ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. సరిచేయడం కూడా సూటిగానే జరిగింది. ఫోటోని పూర్తిగా విప్పకుండా, పొడవులోనూ వెడల్పులోనూ నాలుగో వంతుకి తగ్గించి విప్పితే చుక్కలు పదహారో వంతవుతాయి, 50 ఎంబీ కాస్తా మూడు ఎంబీ చిల్లరకి దిగుతుంది.

నోట్‌లో ఈ లెక్క ఒక్క ముక్క కూడా రాదు. అయినా రాసేవాళ్ళకి ఇది తెలియాలి. ‘యాప్ క్రాష్ అయ్యే సమస్యని పరిష్కరించాం’ అని రాస్తే, రసీదు తెరుస్తుంటే ఇంకేదో కారణంతో యాప్ ఆగిపోయిన మనిషి కూడా తన సమస్యే తీరిందనుకుంటాడు. రేపు అది మళ్ళీ ఆగిపోతే, ఈ నోటే కాదు, వచ్చే ఏడాది దాకా ఏ నోటూ నమ్మడు. లెక్క తెలిసిన మనిషి మాత్రం ‘ఫిర్యాదుకి కెమెరా ఫోటోలు జతచేస్తుంటే, కొన్ని ఫోన్లలో’ అని హద్దులు గీసి రాయగలడు. ‘కొన్ని ఫోన్లలో’ అన్న మాట తప్పించుకోవడానికి పెట్టింది కాదు. ఆ సమస్య ఎన్నడూ చూడని కోశాధికారి గారు, నెలరోజులుగా అదే చూస్తున్న పెద్దావిడ, ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఒప్పుకునే మాట అది. సంఘం మీటింగుల్లో ‘నా ఫోన్‌లో బాగానే ఉందే’ అన్న ఒక్క మాటతో ఎన్ని ఫిర్యాదులు కొట్టేస్తారో తెలిసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

ఇక క్రాష్ అన్న మాట సంగతి. ఫోన్ చేసి చెప్పేవాళ్ళు ఆ మాట వాడరు. హైదరాబాద్‌లో వినిపించేవి ‘యాప్ బంద్ అయిపోతుంది’, ‘బయటికొచ్చేస్తుంది’, ‘స్ట్రక్ అయింది’. మొదటి రెండూ ఒకటే, యాప్ దానంతటదే మూసుకుపోయి ఫోన్ మొదటి తెర కనబడటం. మూడోది వేరు. అక్కడ తెర కదలకుండా నిలబడిపోతుంది, వేలితో ఎంత నొక్కినా పలకదు. కారణాలు వేరు, మందులు వేరు. ఈ అప్‌డేట్‌లో తీరింది బంద్ అవ్వడం మాత్రమే. అందుకని నోట్‌లో ‘బంద్ అయ్యేది’ అని రాస్తేనే సరిగ్గా అతుకుతుంది. అధికారిక రాతలో బంద్ ఏమిటని ఎవరైనా ముక్కు విరిస్తే ‘మూసుకుపోయేది’ అనొచ్చు. ‘అస్థిరత్వం’ అని మాత్రం వద్దు. ఆ మాట వింటే జనానికి గుర్తొచ్చేది ప్రభుత్వాలు, షేర్ మార్కెట్టు.

డెవలపర్ జాబితాలో అసలు లేనిదీ, నోట్‌లో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఒకటుంది. యాప్ మూసుకుపోయినప్పుడు రాస్తున్న ఫిర్యాదు ఏమైంది? ఈ యాప్‌లో ఫోటోలతో సహా అంతా సిద్ధమయ్యాకే ఫిర్యాదు కమిటీకి వెళ్తుంది. మధ్యలో ఆగిపోతే ఏదీ వెళ్ళనట్టే. పెద్దావిడకి ఆ సంగతి తెలియదు. చెమ్మ గురించి రాశాననే అనుకుంటుంది, మూడు వారాలైనా ప్లంబర్ రాకపోతే కమిటీని తిట్టుకుంటుంది. కోడ్ సరిచేసినా ఆమె గోడ ఆరదు. ‘అప్పుడు ఆగిపోయిన ఫిర్యాదులు కమిటీకి చేరలేదు, మళ్ళీ పంపండి’ అన్న వాక్యం ఆమెకి మొత్తం అప్‌డేట్ కంటే ఎక్కువ పనికొస్తుంది. ఈ వాక్యం రాయాలంటే ‘ఇది జరిగినప్పుడు వాళ్ళది ఏం పోయింది?’ అని డెవలపర్‌ని పనిగట్టుకుని అడగాలి. అడగకపోతే చెప్పరు. దాచాలని కాదు, వాళ్ళ దృష్టిలో క్రాష్ అంటే ఒక ఎర్రర్ రిపోర్టు, అది మూతపడితే కథ ముగిసినట్టే.

దాని వెంటే ఇంకో భయం కూడా ఉంటుంది. డబ్బులతో పనిచేసే యాప్ ఏదైనా బంద్ అయిందంటే జనం ముందు చూసుకునేది బ్యాంకు బ్యాలెన్సే. చెల్లింపులకీ ఈ క్రాష్‌కీ ఏ సంబంధం లేదని డెవలపర్ పరిశీలించి నిర్ధారిస్తే, ‘కట్టిన డబ్బుల లెక్క మారలేదు’ అని నాలుగు మాటలు రాయడం మేలు. నిర్ధారించకపోతే రాయకూడదు. ధైర్యం చెప్పడానికని తోచింది రాసేసి, తర్వాత ఒక్క ఫ్లాట్ రసీదు తేడా వచ్చినా ఆ నాలుగు మాటలే సాక్ష్యమై కూర్చుంటాయి.

రిమైండర్ల విషయంలో తలనొప్పి ఇంకో రకం. కొత్త సదుపాయం కాబట్టి ఉత్సాహంగా చెప్పాలనిపిస్తుంది. వాడేవాళ్ళకి కావాల్సిన సమాచారం మాత్రం పొడిపొడిగా ఉంటుంది: ఎప్పుడు గుర్తుచేస్తుంది, ఎలా గుర్తుచేస్తుంది, అది రావాలంటే తను ఏం నొక్కాలి.

‘ఎప్పుడు’ అన్నదానికి జవాబు గడువుకి 3 రోజుల ముందు, ఉదయం 9 గంటల ప్రాంతంలో. ఈ ‘ప్రాంతంలో’ వెనక ఒక సాంకేతిక నిర్ణయం ఉంది. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌ల పనుల్ని కాసేపు ఆపి, అన్నిటినీ కలిపి ఒకేసారి లేపుతుంది. సరిగ్గా తొమ్మిదింటికే లేపాలంటే యాప్‌కి ప్రత్యేక అనుమతి కావాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకి ఆ అనుమతి దానంతటది రాదు, మనిషి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇవ్వాలి. మెయింటెనెన్స్ కట్టమని గుర్తుచేయడం తొమ్మిదింటికి జరిగినా తొమ్మిదీ పదిహేనుకి జరిగినా పోయేదేమీ లేదు కాబట్టి ఈ యాప్ ఆ అనుమతి జోలికి వెళ్ళలేదు. మంచి నిర్ణయమే. కానీ నోట్‌లో ‘ఉదయం 9 గంటలకు’ అని రాస్తే, తొమ్మిదింటికి ఫోన్ చేతిలో పట్టుకుని చూసే మనిషి తప్పకుండా ఒకరుంటారు. ఆ అపార్ట్‌మెంట్‌లో రిటైరైన బ్యాంకు మేనేజర్ ఉన్నారని ముందే చెప్పుకున్నాం. ఇదే రిమైండర్ షుగర్ మాత్ర కోసమైతే ‘ప్రాంతంలో’ అని రాసి ఊరుకోవడం కుదరదు. అక్కడ ఆ అనుమతి అడగాల్సిందే, ఎందుకు అడుగుతున్నామో నోట్‌లో చెప్పాల్సిందే.

‘ఎలా’ అన్నది తేలిగ్గా తీసుకునే ప్రశ్న. రిమైండర్ అనగానే డెవలపర్ మనసులో మెదిలేది తెర పైన జారి వచ్చే నోటిఫికేషన్. పెద్దవాళ్ళలో చాలామంది అనుకునేది మోగే అలారం. మోగలేదు కాబట్టి రాలేదని తేల్చేస్తారు. ‘అలారంలా మోగదు, పైన మెసేజ్‌లా వస్తుంది’ అని ఒక ముక్క రాస్తే ఆ అపార్థానికి చోటుండదు.

‘ఏం నొక్కాలి’ అన్నది చివరిది. జాబితాలో మూలన పడి ఉన్న ‘డిఫాల్ట్ ఆఫ్’ అన్న మాట ఇక్కడ బయటికి రావాలి. రిమైండర్ దానంతటది మొదలవ్వదు, ఎవరికి వాళ్ళు ఆన్ చేసుకోవాలి. నోట్‌లో ‘రిమైండర్లు జోడించాం’ అని మాత్రమే రాస్తే అందరూ అది వచ్చేసిందనుకుంటారు, వచ్చే నెల గుర్తుచేస్తుందని నమ్మి గడువు మర్చిపోయి లేట్ ఫీజు కడతారు. సదుపాయం లేనప్పుడు కనీసం క్యాలెండర్ మీద గీత గీసుకునేవాళ్ళు. ఆన్ చేశాక ఇంకో గడప ఉంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు పంపడానికి ఫోన్ అనుమతి అడుగుతుంది. ఏదో అడుగుతోందని కంగారుగా వద్దు నొక్కేవాళ్ళు చాలామంది, ఒకటి రెండుసార్లు వద్దంటే ఫోన్ ఆ ప్రశ్న అడగడమే మానేస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో, ఇదివరకే అనుమతి ఇచ్చిన ఫోన్లలో ఈ ప్రశ్నే రాదు. అందుకని ‘ఫోన్ అనుమతి అడుగుతుంది’ అని రాయకుండా ‘అడిగితే ఇవ్వండి’ అని రాయాలి. లేదంటే ప్రశ్న రానివాళ్ళు తమ ఫోన్‌లో ఏదో లోపముందని ఫోన్ చేస్తారు.

జాబితాలో నాలుగోది ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినప్పటి సంగతి. ఫోన్ రీస్టార్ట్ అయితే యాప్‌లు పెట్టుకున్న అలారాలన్నీ చెరిగిపోతాయి, యాప్ వాటిని మళ్ళీ పెట్టుకోవాలి. డెవలపర్ మొదట మర్చిపోయి, పరీక్షల్లో దొరికాక సరిచేశారు. రెండు రోజుల శ్రమ పడి ఉండొచ్చు, అయినా నోట్‌లో దానికి చోటు లేదు. రిమైండర్లు ఇప్పుడే మొదటిసారి వస్తున్నాయి, వాటిలోని తప్పు బయట ఎవరూ చూడలేదు. ఎవరూ చూడని తప్పుని సరిచేశామని చెబితే ‘అయితే ఇందులో తప్పులుంటాయన్నమాట’ అన్న అనుమానమే మిగులుతుంది.

ఇప్పుడు నోట్. ప్లే స్టోర్‌లో ఒక భాషకి 500 క్యారెక్టర్లే ఇస్తారు. యాపిల్ స్టోర్‌లో 4000 దాకా ఇస్తారు గానీ అంత ఎవరూ చదవరు. తెలుగులో రాసేవాళ్ళు ఈ 500ని చూసి మోసపోతారు, ఎందుకంటే ఆ లెక్క మన అక్షరాల లెక్క కాదు. ‘గుర్తుచేస్తాం’ మన నోటికి గు, ర్తు, చే, స్తాం అని నాలుగు అక్షరాలు. కంప్యూటర్ మాత్రం గుణింతపు గుర్తునీ, పొల్లునీ, ఒత్తునీ, సున్నానీ విడివిడిగా లెక్కపెట్టి పదమూడంటుంది. ఇంగ్లిష్‌లో సరిపోయిన విషయాన్ని అలాగే తెలుగులోకి తెచ్చి, హద్దు దాటిందని చివరి వాక్యం తెగ్గొట్టడం జరుగుతూ ఉంటుంది. తెగిపడేది చాలాసార్లు ‘ఏం చేయాలి’ అన్న వాక్యమే. డెవలపర్లు యాప్‌ని ప్లే స్టోర్‌కి పంపే ప్లే కన్సోల్‌లో భాష ట్యాగుల మధ్య పెట్టాల్సిన నోట్ ఇలా కుదిరింది.

```
<te-IN>
• ఫిర్యాదుకి కెమెరా ఫోటోలు జతచేస్తుంటే కొన్ని ఫోన్లలో యాప్ బంద్ అయ్యేది. సరిచేశాం. అప్పుడు ఆగిపోయిన ఫిర్యాదులు కమిటీకి చేరలేదు, మళ్ళీ పంపండి. కట్టిన డబ్బుల లెక్క మారలేదు.
• కొత్తది: మెయింటెనెన్స్ గడువుకి 3 రోజుల ముందు ఉదయం 9 ప్రాంతంలో గుర్తుచేస్తాం. కావాలంటే "నా ఫ్లాట్"లో "రిమైండర్" ఆన్ చేయండి. ఫోన్ అనుమతి అడిగితే ఇవ్వండి. అలారంలా మోగదు, పైన మెసేజ్‌లా వస్తుంది.
</te-IN>
```

ఇది 370 క్యారెక్టర్ల లోపే. ఇంకా నూట ముప్పై మిగిలాయని ‘మీ ఆదరణకు ధన్యవాదాలు’ పెట్టనక్కర్లేదు. స్టోర్‌లో మొదట రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే క్రాష్ ముందు, రిమైండర్ తర్వాత. మార్కెటింగ్ చూసేవాళ్ళు తిరగేయమంటారు. కానీ కొత్త సదుపాయం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు, గోడ చెమ్మతో ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

వాక్యాల తీరు గురించి ఒక మాట. ఇదే విషయం ‘లోపము పరిష్కరించబడినది, రిమైండర్ సదుపాయం జోడించబడినది’ అనీ రావచ్చు, చాలా యాప్‌లలో అలాగే వస్తోంది. ఆ ‘బడినది’ ఇంగ్లిష్ వాక్యం మీద కప్పిన తెలుగు దుప్పటి. ఎవరు చేశారో చెప్పదు, ఎవరు చేయాలో అసలే చెప్పదు. ‘సరిచేశాం, ఆన్ చేయండి’ అంటే మేం చేసింది ఇది, మీరు చేయాల్సింది ఇది అని రెండూ విడివిడిగా తెలుస్తాయి.

హైదరాబాద్‌కి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళలో కూడా చాలామంది ఫోన్ భాష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ప్లే స్టోర్ ఆ భాషనే చూస్తుంది, కాబట్టి తెలుగు నోట్ వాళ్ళ కంటపడదు. పైగా రాత్రిపూట వైఫై మీద దానంతటదే అప్‌డేట్ అయిపోయే ఫోన్లలో స్టోర్ పేజీ ఎవరూ తెరవరు. నోట్‌ని నిజంగా చదివే చోటు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. సెక్రటరీ గారు కాపీ చేసి అక్కడ పెడితేనే అది ఎనభై ఇళ్ళకీ చేరుతుంది. అందుకే నోట్‌లో అనుమతి బటన్ మీది మాట రాయకుండా ‘అనుమతి ఇవ్వండి’ అన్నది. ఒకరి ఫోన్‌లో ఆ బటన్ తెలుగులో ఉంటుంది, ఇంకొకరి ఫోన్‌లో ఇంగ్లిష్‌లో ఉంటుంది.

గ్రూపులో పెట్టే వేళ కూడా చూసుకోవాలి. జాగ్రత్తపడే టీమ్‌లు అప్‌డేట్‌ని అందరికీ ఒకేసారి వదలవు. ముందు పదో ఇరవయ్యో శాతం ఫోన్లకి ఇచ్చి, క్రాష్‌ల సంఖ్య నిజంగానే తగ్గిందా అని కన్సోల్‌లో చూసి, తర్వాత నూటికి నూరు చేస్తాయి. ఇరవై శాతం దగ్గర ఉండగానే సెక్రటరీ గారు ‘అప్‌డేట్ వచ్చింది, చేసుకోండి’ అని పెట్టేస్తే, ఎనభై ఫ్లాట్లలో అరవై పైచిలుకు ఇళ్ళకి స్టోర్‌లో అప్‌డేట్ బటనే కనబడదు. వాళ్ళ మెసేజ్‌లకి జవాబు చెప్పుకుంటూ ఆదివారం గడిచిపోతుంది.

విడుదలకి ముందు చేయదగ్గ పరీక్ష ఒకటి ఉంది, ఖర్చు లేనిది. నోట్‌ని యాప్ తయారీతో సంబంధం లేని ఒకరికి చదవమని ఇచ్చి, ‘అర్థమైందా’ అని అడగకుండా ‘ఇప్పుడు మీరేం చేస్తారు’ అని అడగాలి. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు. మొదటి ముసాయిదాలో ‘కావాలంటే’ అన్న మాట లేదనుకుందాం. చదివినావిడ ‘మేం నెల మొదట్లోనే కడతాం కదమ్మా, ఇది తప్పనిసరా?’ అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో నోట్‌లోకి ‘కావాలంటే’ వచ్చి చేరుతుంది.

గడువు పదో తేదీ. ఏడో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకి గ్రూపులో మొదటి మెసేజ్ రానే వస్తుంది: ‘నాకు రాలేదు’. జవాబు చెప్పేవాళ్ళు మూడు సంగతులు ఇదే వరసలో అడగాలి. యాప్ కొత్త వెర్షనేనా? ‘నా ఫ్లాట్’లో రిమైండర్ ఆన్ అయి ఉందా? ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్ నోటిఫికేషన్లకి అనుమతి ఉందా? మూడూ సరిగ్గానే ఉండి కూడా రాలేదంటే, అప్పుడు ఫోన్ ఏ కంపెనీదో అడగాలి. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ పేరుతో, వాడని యాప్‌లని మొత్తంగా నిద్రపుచ్చేస్తాయి. ఇంతకుముందు తెరిచిన యాప్‌లు కనిపించే రీసెంట్స్‌లో అన్నీ తుడిచేసే అలవాటున్నవాళ్ళకి అలాంటి ఫోన్లలో రిమైండర్ అసలు రాకపోవచ్చు. దీన్ని నోట్‌లో పెట్టకపోవడం సబబే, ఒక్కో కంపెనీకి ఒక్కో సెట్టింగ్ చెప్పాలంటే 500 క్యారెక్టర్లు ఏ మూలకీ చాలవు. యాప్ లోపల, రిమైండర్ స్విచ్ పక్కనే ‘రాకపోతే ఇది చూడండి’ అని ఒక లింకు ఉంటే చాలు. ఏడో తేదీన వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంటే మాత్రం, స్విచ్ ఎక్కడుందో జనానికి దొరకడం లేదని అర్థం. అప్పుడు మార్చాల్సింది నోట్ కాదు, ఆ స్విచ్ ఉన్న చోటు.